అరవై మందికి పంపిన మెయిల్‌లో కనపడని పదిహేను షాపులు

“అన్నా, మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె దగ్గర పల్లె. నేనూ, బెంగళూరు పండ్ల మండీలో ఆరేళ్లు పనిచేసి వచ్చిన నా స్నేహితుడూ కలిసి కిందటేడు జులైలో చీనీ కాయల వ్యాపారం మొదలుపెట్టాం. యార్డుకు పోకుండా తోటలోనే తూకం వేసి, బెంగళూరు జ్యూస్ షాపులకు నేరుగా చేరుస్తాం. మా నాయన చీనీ రైతే. యార్డులో సూట్ పేరుతో తీసే తరుగు చూస్తూ పెరిగాను. మాది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. ఇప్పుడు పెట్టుబడి కావాలి, ఇన్వెస్టర్లు మాకు ఎవరూ తెలియదు. నెట్‌లో దొరికిన 60 అడ్రసులకు ఒకేసారి మెయిల్ పంపాను: ‘దేశ పండ్ల సరఫరా వ్యవస్థను సమూలంగా మార్చే టెక్నాలజీ వేదిక మాది. 14 నెలల్లో 118 మంది రైతులు, 42 షాపులు, రూ.61 లక్షల రెవెన్యూ. 10 శాతం వాటాకు రూ.75 లక్షలు ఆశిస్తున్నాం’ అని. ఒక్కరే జవాబిచ్చారు, ‘ఇప్పుడే కాదు, అప్‌డేట్స్ పంపుతూ ఉండండి’ అని. మర్యాదకు అన్నారనుకుని వదిలేశాను. మా లెక్కల షీటు జత చేస్తున్నా. తప్పు ఎక్కడుందన్నా?”

తమ్ముడూ, మీ షీటు తెరిచి గంటన్నర కూర్చున్నాను. మీ వ్యాపారంలో నిజంగా చెప్పుకోదగ్గ సంగతి ఒకటి అందులో ఉంది. మెయిల్‌లో అది తప్ప మిగతావన్నీ రాశారు.

ఆ సంగతి చెప్పే ముందు రూ.61 లక్షల దగ్గర ఆగాలి. మీ షీటు ప్రకారం షాపు కిలోకి సగటున 32 రూపాయలు ఇస్తోంది. అందులో 22 రైతుకి, 6 కోత కూలీకీ క్రేట్లకీ బండికీ పోతున్నాయి. మీకు మిగిలేది 4. కాయ మీరు కొనడం లేదు, రైతు తరఫున అమ్మిపెడుతున్నారు. అంటే 190 టన్నుల మీద చేతులు మారిన డబ్బు 61 లక్షలు, మీ ఆదాయం 7 లక్షల 60 వేలు. మొదటి దాన్ని అమ్మకాల మొత్తం అంటారు, రెండోదే రెవెన్యూ. మీరు మోసం చేయాలని రాయలేదని నాకు తెలుసు. కానీ చదివేవాళ్లకు ఆ తెలివిడి ఉండదు. ఫోన్‌లో రెండో ప్రశ్నకే తేడా బయటపడుతుంది, అక్కడి నుంచి మీరు చెప్పే ప్రతి అంకెనూ అనుమానంగానే వింటారు.

ఇది నాకు జరిగింది. కర్నూలు ఉల్లిని హోటళ్లకు సరఫరా చేసే పని మొదలుపెట్టినప్పుడు నేనూ ఇదే పొరపాటు చేశాను. అవతలి ఆయన “ఇందులో మీ చేతిలో మిగిలేది ఎంత?” అని అడిగారు. నేను నీళ్లు నమిలాను. ఆరు నిమిషాల్లో ఫోన్ పెట్టేశారు. ఆయన తప్పేమీ లేదు. ఆ అంకె నా దగ్గర సిద్ధంగా ఉండాల్సింది, లేదు.

ఇంకో లెక్క. 10 శాతానికి 75 లక్షలు అడిగితే, ఆ డబ్బు వచ్చాక కంపెనీ మొత్తం విలువ 7 కోట్ల 50 లక్షలని మీరే చెప్పినట్టు. 14 నెలల ఆదాయానికి అది దాదాపు వంద రెట్లు. తొలి దశలో విలువ కట్టడం ఆదాయాన్ని బట్టి మాత్రమే జరగదు, నిజమే. కానీ ముక్కూమొహం తెలియని మనిషికి రాసే మొదటి మెయిల్‌లో ధర పెట్టేస్తే, ఆయన మీ వ్యాపారం గురించి ఆలోచించడం మానేసి ధర గురించి ఆలోచిస్తారు. చట్టం వైపు నుంచి కూడా జాగ్రత్త అవసరం. కంపెనీల చట్టం సెక్షన్ 42 ప్రకారం ప్రైవేటుగా షేర్లు ఇచ్చే కంపెనీ ఆ సంగతిని జనానికి ప్రకటన చేయకూడదు, ఫలానా మనుషులకు మాత్రమే ఇస్తానని చెప్పాలి. ఇంత వాటాకు ఇంత డబ్బు అంటూ దొరికిన అడ్రసులన్నిటికీ పంపడం ఆ గీతకు దగ్గరగా వెళ్లడమే. పైగా మీది ఇంకా ఫర్మ్, ఇవ్వడానికి షేర్లే లేవు. ఫర్మ్‌ను ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చుకునే దారి అదే చట్టంలో ఉంది. మెయిల్ పంపడానికి అది అడ్డం కాదు. ఎవరైనా అడిగితే “మారుస్తున్నాం, మా సీఏతో మాట్లాడాం” అని చెప్పగలగాలి, ఆ మాట నిజమై ఉండాలి.

ఇక అసలు సంగతి. మీ షీటులో నెలవారీ టన్నుల వరుస చూడండి. కిందటి ఆగస్టులో 5 టన్నులు. ఫిబ్రవరి నుంచి పెరుగుతూ ఏప్రిల్‌లో 25. మేలో 21, జూన్‌లో 16. వేసవి పోయింది, జ్యూస్ తాగేవాళ్లు తగ్గారు, మీ వ్యాపారమూ తగ్గింది. ఇంతవరకూ ఏ జ్యూస్ షాపు గుమాస్తా అయినా చెప్పగలడు. తర్వాత జులైలో 19, ఆగస్టులో 22. వానలు పడుతున్న బెంగళూరులో, గిరాకీ లేని కాలంలో, మీ కాయ పెరిగింది. ఎందుకు?

షాపుల కాలమ్‌లోకి వెళ్తే కారణం దొరికింది. ఏప్రిల్‌లో 34 షాపులు కలిసి 25 టన్నులు కొన్నాయి. ఆగస్టులో 19 షాపులే 22 టన్నులు కొన్నాయి. అంటే షాపుకు నెలకు 735 కిలోల నుంచి దాదాపు 1,160 కిలోలకు చేరింది. ఆ 19లో 15 షాపులు జూన్ మొదటి వారం నుంచి ఒక్క వారం కూడా ఆర్డరు మానలేదు. మండీలో ఇంతకన్నా తక్కువకు కాయ దొరికిన వారాలూ ఈ మూడు నెలల్లో ఉన్నాయని మీరే రిమార్కులో రాశారు. అయినా వాళ్లు మీ దగ్గరే కొన్నారు. సైజు వారీగా ఏరి, తెల్లారి షట్టరు ఎత్తేసరికి క్రేటు గుమ్మంలో ఉండటం కోసం వాళ్లు డబ్బు పెడుతున్నారు.

తొలి దశలో ఇన్వెస్టర్ వెతికేది దీన్నే. ఇప్పటిదాకా ఎంతమంది వచ్చారన్నది ఆయనకు పెద్దగా అక్కర్లేదు. వచ్చినవాళ్లు తమ డబ్బుతో మళ్లీ మళ్లీ వస్తున్నారా, వచ్చినప్పుడు ఎక్కువ కొంటున్నారా అన్నది కావాలి. 42 అనే అంకె పక్కన 15 చిన్నదిగా కనిపించి మీరు వదిలేశారు. నాకు మాత్రం ఆ 15 కోసమే మీకు జవాబు రాయాలనిపించింది.

118 మంది రైతుల అంకెను మొదటి మెయిల్‌లోంచి తీసేయమంటాను. మీ మనసంతా అక్కడే ఉందని తెలిసి కూడా ఈ మాట చెబుతున్నాను. తోట ఏడాదికి కోతకు వచ్చేది ఒకటి రెండుసార్లు, కాబట్టి రైతు మీ దగ్గరికి తిరిగి వచ్చాడా లేదా అనేది 14 నెలల్లో తేలదు. షీటులో 31 మంది రెండోసారి ఇచ్చారు. అది మంచో చెడో ఇంకో ఏడాది గడిస్తే కానీ చెప్పలేం. డబ్బు ఇచ్చేది షాపు. షాపు గురించి నమ్మకం కలిగాక, కాయ ఎక్కడి నుంచి వస్తుంది, రైతు మీకే ఎందుకు ఇస్తాడు అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు సూట్ సంగతి, తోటలో తూకం సంగతి చెప్పండి. మీ నాయన నష్టపోయిన కథ అప్పుడు వ్యాపారానికి కారణంగా వినిపిస్తుంది.

ఒక్క వాక్యంలో మీ పని చెప్పడం గురించి. “సమూలంగా మార్చే టెక్నాలజీ వేదిక” అన్నది చదివితే మీరు చీనీ అమ్ముతున్నారో సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నారో తెలియదు. ఆ వాక్యంలో నాలుగు సంగతులు ఉంటే చాలు: ఎవరికి, ఏమిటి, వాళ్లు ఇప్పుడు చేస్తున్నదానికన్నా తేడా ఏంటి, డబ్బు మీకు ఎలా వస్తుంది. మెయిల్ చివరికి ఇంగ్లీషులోనే పంపుతారు, సరే. ముందు మాత్రం తెలుగులో రాయండి. ఇంగ్లీషులో అర్థం లేని మాట కూడా గంభీరంగా కనిపించి మనల్ని మోసం చేస్తుంది. అదే మాటను తెలుగులో పెట్టగానే డొల్లతనం మనకే వినిపిస్తుంది. రాశాక మీకు కాయ ఇచ్చే రైతు ఒకరికి ఫోన్‌లో చదివి వినిపించి, మీరేం చేస్తారో తిరిగి ఆయన్నే చెప్పమనండి. ఆయన ఎక్కడ తడబడితే ఆ మాట మార్చండి.

మీ షీటులోని అంకెలతోనే నేనైతే ఇలా రాస్తాను.

విషయం: బెంగళూరు జ్యూస్ షాపులకు చీనీ, ఆగస్టులో 22 టన్నులు

నమస్తే … గారూ,

హోటళ్లకు కూరగాయలు సరఫరా చేసే కంపెనీలో మీరు తొలి పెట్టుబడి పెట్టారని తెలిసి రాస్తున్నాను.

అనంతపురం తోటల్లోనే చీనీ కాయలను సైజు వారీగా ఏరి, బెంగళూరు జ్యూస్ షాపులకు తెల్లారేసరికి చేరుస్తాం. షాపు కిలోకి ఇచ్చే 32 రూపాయల్లో 4 రూపాయలు మా ఆదాయం.

ఆగస్టులో 19 షాపులు 22 టన్నులు కొన్నాయి, కిందటి ఆగస్టులో 5 టన్నులు. ఈ 19లో 15 షాపులు జూన్ నుంచి ఒక్క వారం కూడా ఆగకుండా కొంటున్నాయి. వేసవిలో 34 షాపులు ఉండేవి. షాపులు తగ్గినా, ఒక్కో షాపు కొనేది 735 కిలోల నుంచి 1,160 కిలోలకు పెరిగింది. ఆగస్టులో మా ఆదాయం రూ.88 వేలు.

నేను చీనీ రైతు కొడుకుని, తోటల పని నాది. నా పార్ట్‌నర్ బెంగళూరు పండ్ల మండీలో ఆరేళ్లు పనిచేశాడు, షాపుల పని అతనిది.

వారం వారం కొనే షాపులను 15 నుంచి 60కి పెంచడానికి తొలి పెట్టుబడి చూస్తున్నాం. వచ్చే వారం ఒక 20 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే వీలుంటుందా?

కింద పేరు, ఫోన్ నంబరు. అంతే. నిలబడి ఫోన్‌లో చదివేవాళ్లకు ఒక నిమిషం పని. ఇందులో 75 లక్షలు లేవు, దేశంలో పండ్ల మార్కెట్ ఎన్ని లక్షల కోట్లో లేదు. పన్నెండు స్లైడ్లు జత చేయనక్కర్లేదు. అడిగితే పంపండి. అడిగారంటే చూస్తారని అర్థం.

34 షాపుల మాట ఎందుకు పెట్టానని మీకు అనిపించవచ్చు. తగ్గిన అంకెను మనమే చెబితే మిగతా అంకెల మీద నమ్మకం కుదురుతుంది. అవతలివాళ్లు పట్టుకుంటే అదే అంకె మనల్ని ముంచుతుంది. అయితే ఆ లైను పెట్టాలంటే పోయిన షాపులు ఎందుకు పోయాయో మీకు తెలిసి ఉండాలి. మొత్తం 42లో ఆగస్టులో కొననివి 23. షీటులో 9 షాపుల ఎదురుగా “వేసవి వరకే” అని ఉంది, అర్థమైంది. 6 షాపుల ఎదురుగా “సైజు కలగలుపు” అని ఉంది. అది మీ లోపం, దాన్ని ఎలా సరిచేశారో చెప్పగలగాలి. మిగతా 8 ఖాళీ. మెయిల్ పంపే ముందు ఆ 8 షాపులకు మీ పార్ట్‌నర్‌ను స్వయంగా పంపండి. ఫోన్ చేస్తే “చూద్దాం సార్” అంటారు. గల్లాపెట్టె దగ్గర నిలబడి అడిగితే నిజం చెబుతారు.

ఫోన్‌లో తప్పక వచ్చే ప్రశ్నలు ఇంకో రెండున్నాయి. షాపు వెనక్కి పంపిన కాయ ఎవరి ఖాతాలో పడుతోంది? షీటులో ఆ కాలమే లేదు. మీ 4 రూపాయల్లోంచి పోతుంటే, మీ ఆదాయం నాలుగు కాదు, మూడో మూడున్నరో. ఆ లెక్క తేలేదాకా మెయిల్ ఆపండి, ఎందుకంటే 88 వేల అంకె దాని మీదే నిలబడింది.

రెండోది అప్పు. రైతుకు 3 రోజుల్లో ఇస్తున్నారు, షాపు నుంచి 9 రోజులకు వస్తోంది. మధ్యలో 6 రోజులు మీ జేబు. నెలకు 22 టన్నులంటే రోజుకు 730 కిలోల పైచిలుకు. రైతుకూ ఖర్చులకూ కలిపి కిలోకి 28 రూపాయల చొప్పున రోజుకు సుమారు రూ.20 వేలు. ఆరు రోజులకు లక్షా 20 వేలు ఎప్పుడూ బయటే తిరుగుతుంటుంది. వ్యాపారం నాలుగింతలైతే ఇదీ నాలుగింతలై ఐదు లక్షలకు చేరుతుంది. “పెట్టుబడి దేనికి?” అన్నప్పుడు “రైతులకు ముందే ఇవ్వడానికి” అనకండి. తిరిగి చేతికొచ్చే ఆ డబ్బు కోసం బ్యాంకు దగ్గర అప్పు పరిమితి తీసుకోవడమో, షాపులతో వాయిదా తగ్గించుకోవడమో చేయాలి. దానికి కంపెనీలో శాశ్వతంగా వాటా ఇచ్చేయడం చాలా ఖరీదైన అప్పు. కొత్త షాపులను తెచ్చే మనుషులు, ఏరే యంత్రం, రెండో రూటు బండి, ఇలాంటివి చెప్పండి.

ఎవరికి పంపాలి? అరవై వద్దు, ఎనిమిది చాలు. వ్యవసాయం, ఆహారం, చిన్న దుకాణాలకు సరఫరా, వీటిలో ఇంతకుముందు పెట్టినవాళ్లు కావాలి. మొదటి డబ్బు ఇచ్చేవాళ్లయి ఉండాలి. కోట్లలో మాత్రమే పెట్టే ఫండుకు మీ మెయిల్ ఎంత బాగున్నా పనికిరాదు. వాళ్ల వెబ్‌సైటులో పెట్టుబడి పెట్టిన కంపెనీల పేజీ చూడండి. జ్యూస్ షాపులకే పండ్లు వేసే కంపెనీలో ఇప్పటికే పెట్టి ఉంటే అక్కడికి పంపకండి, మీ అంకెలు పోటీదారుడి ఇంట్లో పెట్టినట్టవుతుంది. ఒక్కొక్కరికీ విడిగా రాయండి. మొదటి వాక్యం ఆ ఒక్క మనిషికే సరిపోవాలి. అది రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ పేరు మీ జాబితాలో ఉండాల్సింది కాదు.

59 మంది పలకలేదని కుంగిపోవద్దు, అలాగని ఇన్వెస్టర్లకు పల్లెటూరి వ్యాపారం అర్థం కాదనీ తేల్చేయవద్దు. ఎయిర్‌బీఎన్‌బీ మొదలుపెట్టిన బ్రయాన్ చెస్కీ 2015లో తమకు వచ్చిన పాత తిరస్కరణ మెయిళ్లను బయటపెట్టారు. 2008లో ఒక స్నేహితుడు వాళ్లను ఏడుగురు ఇన్వెస్టర్లకు పరిచయం చేశాడు. ఐదుగురు కాదన్నారు, ఇద్దరు బదులే ఇవ్వలేదు. తెలిసిన మనిషి చెప్పి పంపినా అంతే. మీ 59 మౌనాల్లో చాలావరకు మెయిల్‌ను తెరవకుండానే దాటేసినవి అయి ఉంటాయి. ఒకేసారి అంతమందికి వెళ్లే మెయిల్ స్పామ్‌లోకి పోయే అవకాశమూ ఎక్కువే. కొత్తది పంపాక వారం ఆగి, అదే మెయిల్ కింద రెండు లైన్లతో ఒకసారి గుర్తుచేయండి, ఆ రెండు లైన్లలో కొత్త అంకె ఒకటి ఉండాలి. “నా మెయిల్ చూశారా” అని మాత్రం అడగవద్దు. ఇంకో రెండు వారాలకు చివరిసారి రాయండి. అప్పటికీ పలక్కపోతే ఆపేయండి.

కానీ ఈ ఎనిమిదికన్నా ముందు రాయాల్సిన మనిషి ఒకరున్నారు. మీకు జవాబిచ్చిన ఆ ఒక్కరు. అంత డొల్లగా రాసిన మెయిల్‌ను కూడా చివరిదాకా చదివి, టైపు చేసి బదులిచ్చారు. “అప్‌డేట్స్ పంపుతూ ఉండండి” అనే మాట కొందరు అలవాటుగా అంటారు, కొందరు నిజంగానే అంటారు. ఏదో తెలియాలంటే అప్‌డేట్ పంపి చూడటం తప్ప దారి లేదు. పాత మెయిల్ కిందే రాయండి. మొదట పాత అంకెను సరిచేయండి: “అప్పుడు రెవెన్యూ అని రాసిన 61 లక్షలు మొత్తం అమ్మకాలు, మా ఆదాయం 7 లక్షల 60 వేలు. పొరపాటు నాది.” తర్వాత 15 షాపుల సంగతి, దాని కింద సెప్టెంబరు టన్నులు. సెప్టెంబరులో అంకె తగ్గి ఉన్నా అలాగే రాసి, ఎందుకు తగ్గిందో ఒక లైనులో చెప్పండి. డబ్బు అడగకండి. అక్టోబరు అంకెలు వచ్చాక మళ్లీ రాస్తానని చెప్పి, అక్టోబరు అయిపోయాక మళ్లీ రాయండి.